పగలు ఆఫీసు, ఆదివారం పాఠాలు: రెజ్యూమేలో రాసేదెలా?

హైదరాబాద్‌లో అకౌంట్స్ మేనేజర్ ఉద్యోగానికి 2025 మే నెలలో ఒక రెజ్యూమే వచ్చిందనుకుందాం. పై వరుసలో మందుల పంపిణీ చేసే ఒక సంస్థ ఉంది, ఆగస్టు 2023 నుంచి ఇప్పటివరకు. దాని కింద అమీర్‌పేటలోని ఒక శిక్షణ కేంద్రం, జనవరి 2021 నుంచి డిసెంబర్ 2023 వరకు. ఆ కింద ఒక స్టీలు వ్యాపార సంస్థ, జూన్ 2019 నుంచి జూలై 2023 వరకు. మూడు వరుసల్లో ఒక్క అబద్ధమూ లేదు. రాసినావిడ పగలు అకౌంటెంటు, శనివారం సాయంత్రం రెండు గంటలు, ఆదివారం నాలుగు గంటలు ట్యాలీ, జీఎస్టీ పాఠాలు చెప్పేది. మధ్యలో ఒకసారి ఆఫీసు మారింది, పాఠాలు మాత్రం ఆపలేదు.

హెచ్‌ఆర్ మనిషికి ఇవేవీ తెలియవు. అతను ముందు చూసేది పేజీకి కుడివైపున ఉండే తేదీలు. పై నుంచి కిందికి దిగుతూ, ఒక ఉద్యోగం ఎక్కడ ఆగిందో ఇంకోటి ఎక్కడ మొదలైందో మనసులో అతికించుకుంటూ పోతాడు. ఇక్కడ అతుకు కుదరదు. స్టీలు సంస్థలో ఉండగానే 2021లో శిక్షణ కేంద్రంలో చేరడమేమిటి? అది మానకుండానే 2023లో మందుల సంస్థలో చేరడమేమిటి? అచ్చుతప్పా, దాచిన సంగతా, రెండు చోట్ల జీతాలా? అడిగి తెలుసుకుందామని ఫోన్ చేసే ఓపిక అందరికీ ఉండదు. బల్ల మీద ఇంకా వంద రెజ్యూమేలు ఉంటే, అర్థం కానిది పక్కకి పోతుంది.

ఇంకో చిక్కు లెక్కలో ఉంది. స్టీలు సంస్థలో యాభై నెలలు, మందుల సంస్థలో ఇరవై రెండు నెలలు, కలిపి డెబ్బై రెండు. అంటే సరిగ్గా ఆరేళ్లు. శిక్షణ కేంద్రం ముప్పై ఆరు నెలలు కూడా వీటికి కలిపితే తొమ్మిదేళ్లవుతాయి. రెజ్యూమే పైన ‘మొత్తం అనుభవం 9 సంవత్సరాలు’ అని రాసుకున్నవాళ్లు చాలామందే ఉంటారు. మోసం చేద్దామని కాదు, వరుసకు వరుస కలుపుకుంటూ పోయారంతే. కానీ 2019లో మొదటి ఉద్యోగంలో చేరిన మనిషికి 2025లో తొమ్మిదేళ్ల అనుభవం ఎలా వస్తుందని చదివేవాడు వేళ్ల మీద లెక్కపెట్టాడంటే, ఆ పేజీలో మిగతా అంకెల మీద కూడా నమ్మకం పోతుంది. ఒకే కాలంలో చేసిన పనుల్ని కాలం లెక్కలో ఒక్కసారే లెక్కపెట్టాలి. ఆవిడ రాయాల్సింది ఆరేళ్ల అకౌంట్స్ అనుభవం, అందులో మూడేళ్లు పార్ట్‌టైమ్ బోధన అని.

ఈ గందరగోళానికి మూలం తేదీలు ఒకదాని మీద ఒకటి పడటం కాదు. రెండు పనులు చేసుకునేవాళ్లు మన దగ్గర కొత్తేమీ కాదు. బడి వదిలాక ట్యూషన్లు చెప్పే మాస్టారు, డ్యూటీ అయ్యాక ఎల్‌ఐసీ పాలసీలు కట్టించే గుమస్తా అందరికీ తెలిసినవాళ్లే. మూడు వరుసల్నీ ఒకే సైజు అక్షరాల్లో, ఒకే తీరులో పేర్చడంతో ఏది బతుకుదెరువో ఏది పక్కపనో కాగితం చెప్పలేకపోయింది. వరుసగా పేర్చితే చాలు, చదివేవాడికి అర్థమైపోతుందని రాసేవాళ్లు అనుకుంటారు. నిజానికి ఇక్కడ తిప్పలు తెచ్చిందే ఆ పేర్చడం. ముగింపు తేదీ ప్రకారం కొత్తది పైన, పాతది కింద అన్న నియమాన్ని తు.చ. తప్పకుండా పాటిస్తే, 2023 డిసెంబర్‌లో ముగిసిన శిక్షణ కేంద్రం సరిగ్గా రెండు అసలు ఉద్యోగాల నడుమకి వచ్చి కూర్చుంటుంది.

అదే రెజ్యూమేని ఇలా మార్చి చూడండి.

అనుభవం
సీనియర్ అకౌంటెంట్, మందుల పంపిణీ సంస్థ, హైదరాబాద్: ఆగస్టు 2023 – ఇప్పటివరకు
అకౌంట్స్ ఎగ్జిక్యూటివ్, స్టీలు వ్యాపార సంస్థ, హైదరాబాద్: జూన్ 2019 – జూలై 2023

పార్ట్‌టైమ్ బోధన
ట్యాలీ, జీఎస్టీ ఫ్యాకల్టీ, శిక్షణ కేంద్రం, అమీర్‌పేట (శని, ఆదివారాలు, వారానికి 6 గంటలు): జనవరి 2021 – డిసెంబర్ 2023

తేదీల్లో ఒక్క అంకె కూడా మారలేదు. పైనున్న రెండు వరుసలూ జూలైలో ఆగి ఆగస్టులో మొదలై చక్కగా అతుక్కున్నాయి. మూడోది వేరే శీర్షిక కిందికి వెళ్లింది కాబట్టి దాన్ని ఎవరూ వాటి మధ్య అతికించబోరు. అన్నిటికన్నా పని చేసింది బ్రాకెట్లోని ముక్క. ‘పార్ట్‌టైమ్’ అన్న మాట ఒక్కటే సరిపోదు. రోజుకి నాలుగు గంటలైనా పార్ట్‌టైమే, నెలకి ఒక క్లాసైనా పార్ట్‌టైమే. శని, ఆదివారాలు అని రోజులు చెప్పి, వారానికి ఆరు గంటలని కొలత చెప్పేసరికి, ఆఫీసు టైములో ఇంకో పని చేశారేమోనన్న అనుమానం నోరు తెరవకముందే పోతుంది. ఈ ముక్క తేదీలున్న వరుసలోనే ఉండాలి. నాలుగు వాక్యాల కింద, చేసిన పనుల జాబితాలో ఎక్కడో ‘వారాంతాల్లో’ అని రాస్తే, అప్పటికే కన్ను దాటిపోయి ఉంటుంది.

నెల, సంవత్సరం రెండూ వేయడం కూడా అందుకే. కొందరు చిక్కు తప్పించుకుందామని సంవత్సరాలు మాత్రమే వేస్తారు: 2019–2023, 2021–2023, 2023–ఇప్పటివరకు. ఇది ఇంకా దారుణం. స్టీలు సంస్థ నుంచి మందుల సంస్థకి మారడంలో లేని అతివ్యాప్తి కూడా ఉన్నట్టు కనిపిస్తుంది, ఆర్నెల్లు ఖాళీగా ఉన్నారేమోనన్న సందేహం కూడా వస్తుంది. ఒక వరుసలో నెల వేసి ఇంకో వరుసలో వదిలేసినా అంతే, వదిలేసిన చోటే చదివేవాడి చూపు నిలుస్తుంది.

పక్కపనికి ఎన్ని వాక్యాలు కేటాయించాలి? ఆవిడ అడుగుతున్నది అకౌంట్స్ మేనేజర్ ఉద్యోగం. కాబట్టి నెలనెలా జీఎస్టీఆర్-3బి దాఖలు చేయడం, స్టాకు లెక్కలు సరిపోల్చడం, ఆడిటర్లతో కూర్చోవడం వంటివి అసలు ఉద్యోగాల కింద నాలుగైదు వాక్యాల్లో రావాలి. బోధన కింద ఒకటి, మహా అయితే రెండు. ఏం చెప్పారు, ఎవరికి చెప్పారు అన్నవి చాలు. పక్కపని కింద ఎనిమిది బుల్లెట్లు, అసలు ఉద్యోగం కింద మూడు ఉన్న రెజ్యూమేలు కనిపిస్తుంటాయి. రాసినవాళ్లకి మనసుకు నచ్చిన పని ఏదో దాన్నిబట్టి తెలిసిపోతుంది. ఇంటర్వ్యూలో ఎదురుగా కూర్చున్న మేనేజరుకి కూడా అది తెలిసిపోతుందన్న సంగతి మాత్రం వాళ్లు మర్చిపోతారు.

ఇదే మనిషి రేపు ఒక కామర్స్ కాలేజీలో లెక్చరర్ పోస్టుకో, పెద్ద శిక్షణ సంస్థలో ఫ్యాకల్టీగానో దరఖాస్తు పెట్టిందనుకోండి. అప్పుడు బోధనని కింద దాచడం తెలివితక్కువ. ‘బోధన అనుభవం’ అన్న శీర్షికని పైకి తెచ్చి, దాని కింద అమీర్‌పేట వరుసని పెట్టి, తర్వాత ‘అకౌంట్స్ ఉద్యోగాలు’ అని ఇంకో శీర్షిక కింద మిగతా రెండూ రాసుకోవచ్చు. శీర్షికలు వేరైనప్పుడు ఏది ముందు, ఏది వెనక అన్నది తేదీలు నిర్ణయించవు, అడుగుతున్న ఉద్యోగం నిర్ణయిస్తుంది. వారానికి ఆరు గంటలన్న ముక్క మాత్రం ఇక్కడా అలాగే ఉండాలి. పైకి తెచ్చాం కదా అని దాన్ని తీసేస్తే, మూడేళ్ల పూర్తికాలపు బోధన అని చదివేవాడు అనుకుంటాడు. ఇంటర్వ్యూలో సంగతి బయటపడ్డాక అది పొరపాటు కాదు, అబద్ధమే అవుతుంది.

పక్కపనే పెరిగి అసలు పని అయినవాళ్ల సంగతి ఇంకాస్త మెలిక తిరుగుతుంది. విజయవాడలో ఒక ఆఫ్‌సెట్ ప్రెస్సులో పనిచేసే డిజైనరు ఏప్రిల్ 2021 నుంచి సాయంత్రాలు సొంతంగా పెళ్లి పత్రికలు, దుకాణాల లోగోలు చేసిపెడుతూ వచ్చాడనుకుందాం. పనులు పెరిగాయి, జూన్ 2023లో ప్రెస్సు మానేసి పూర్తిగా సొంతపనిలో దిగాడు. ఇతను ‘ఫ్రీలాన్స్ డిజైనర్, ఏప్రిల్ 2021 – ఇప్పటివరకు’ అని ఒక్క వరుసలో రాస్తే, రెండేళ్ల సాయంత్రపు పని కూడా పూర్తికాలం లెక్కలో పడుతుంది. ‘జూలై 2023 నుంచి’ అని రాస్తే, కష్టపడి ఖాతాదారుల్ని కూడగట్టుకున్న రెండేళ్లు గల్లంతవుతాయి. ఒకే వరుస కింద కాలాన్ని రెండు ముక్కలు చేయడమే దారి. శీర్షిక వరుసలో ‘ఫ్రీలాన్స్ డిజైనర్, విజయవాడ’ అని రాసి, దాని కిందే ‘పూర్తికాలం: జూలై 2023 – ఇప్పటివరకు’ అని ఒక గీత, ‘సాయంత్రాలు, ప్రెస్సు ఉద్యోగంతో పాటు: ఏప్రిల్ 2021 – జూన్ 2023’ అని ఇంకో గీత. ఈ రెండో గీతలో ‘ప్రెస్సు ఉద్యోగంతో పాటు’ అన్న మాట విలువైనది. కింద ప్రెస్సు వరుసలో అవే తేదీలు కనిపించినప్పుడు చదివేవాడు ఉలిక్కిపడడు, ముందే చెప్పారు కదా అనుకుంటాడు.

ఇంతవరకు కాగితం మీది సంగతి. ఆఫర్ లెటర్ చేతికొచ్చాక, ఒక్కోసారి అంతకుముందే, బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ మొదలవుతుంది. ఐటీ కంపెనీల్లో దీన్ని బీజీవీ అంటారు. అక్కడ రెజ్యూమే తేదీల్ని పోల్చి చూసేది అనుభవ పత్రాలతోనే కాదు, భవిష్యనిధి ఖాతాతో కూడా. 2014లో వచ్చిన యూఏఎన్ అనే పన్నెండు అంకెల నంబరు ఉద్యోగి ఎన్ని కంపెనీలు మారినా ఒక్కటే. ఈపీఎఫ్‌వో పోర్టల్‌లోకి వెళ్లి View కింద Service History నొక్కితే, ఏ సంస్థలో ఎప్పుడు చేరారు, ఎప్పుడు మానారు అన్నది వరుసగా కనిపిస్తుంది. చాలా కంపెనీలు ఆ పేజీనే అడిగి తీసుకుంటున్నాయి.

మన అకౌంటెంటుకి అమీర్‌పేట శిక్షణ కేంద్రం క్లాసుకింతని ఫీజు ఇచ్చి ఉంటే, ఆ పేజీలో దాని జాడ ఉండదు. పీఎఫ్ జీతగాళ్లకే కడతారు. టీడీఎస్ కోసి ఉంటే అది ఆదాయపన్ను శాఖ వివరాల్లో జీతం పద్దులో కాకుండా వృత్తి ఫీజు పద్దులో కనిపిస్తుంది. అప్పుడు రెజ్యూమేలో పార్ట్‌టైమ్ ఫ్యాకల్టీ అని రాయడం, రికార్డుల్లో ఫీజు కనిపించడం ఒకదానికొకటి సరిపోతాయి. ఆ సంస్థలో ఇరవై మందికి పైగా సిబ్బంది ఉండి, ఆవిణ్ణి జీతగత్తెగా చూపించి పీఎఫ్ కట్టి ఉంటే మాత్రం, ఒకే యూఏఎన్ కింద ఒకే నెలల్లో రెండు సంస్థలు నమోదై ఉంటాయి. వెరిఫికేషన్ చేసేవాళ్లు ‘డ్యూయల్ ఎంప్లాయ్‌మెంట్’ అని ఎర్ర గీత గీసేది ఇలాంటప్పుడే. రెజ్యూమేలో ముందే, గంటలతో సహా రాసుకుని ఉంటే ఆ గీతకి జవాబు సిద్ధంగా ఉంటుంది. రాయకపోతే సంజాయిషీ రాయాల్సి వస్తుంది.

చేయని పక్కపనికి కూడా ఈ ఎర్ర గీత పడొచ్చు. ఉద్యోగం మానేశాక పాత కంపెనీ పీఎఫ్‌లో ఎగ్జిట్ తేదీ వేయడం మర్చిపోయిందనుకోండి. పోర్టల్ లెక్కలో ఆ మనిషి ఇంకా అక్కడే పనిచేస్తున్నట్టు. కొత్త కంపెనీ తేదీ దాని మీద పడుతుంది. 2020 నుంచి ఈ తేదీని ఉద్యోగి తానే వేసుకునే వీలు కల్పించారు. పోర్టల్‌లో Manage కింద Mark Exit అని ఉంటుంది, ఆధార్‌కి అనుసంధానమైన ఫోనుకి వచ్చే ఓటీపీతో పూర్తవుతుంది. కాకపోతే పాత కంపెనీ చివరిసారి పీఎఫ్ జమ చేసిన నెల తర్వాత రెండు నెలలు ఆగాలి. రిలీవింగ్ లెటర్‌లో ఏ తేదీ ఉందో ఇక్కడా అదే వేయాలి. లెటర్ ఎదురుగా పెట్టుకుని వేయడం మంచిది. మిగిలిపోయిన సెలవుల్ని నోటీస్ పీరియడ్ చివర వాడుకుంటూ కొత్త చోట చేరిపోయినవాళ్లకి నాలుగు రోజులో, పది రోజులో నిజంగానే అతివ్యాప్తి ఉంటుంది. నెల, సంవత్సరం మాత్రమే ఉండే రెజ్యూమేలో అది కనపడదు, అనుభవ పత్రాల్లో కనపడుతుంది. అడిగితే సెలవు మంజూరు చేసిన మెయిల్ చూపించగలిగితే గొడవ ఉండదు.

అసలు రెండో పని చేయడానికి మొదటి కంపెనీ ఒప్పుకుందా అన్నది ఇంకో ప్రశ్న. 2022 ఆగస్టులో విప్రో ఛైర్మన్ రిషద్ ప్రేమ్‌జీ మూన్‌లైటింగ్‌ని మోసంగా అభివర్ణించారు. సెప్టెంబరులో, పోటీ సంస్థలకి పనిచేస్తూ దొరికిన 300 మందిని తొలగించామన్నారు. ఇన్ఫోసిస్ అదే నెలలో ఉద్యోగుల్ని హెచ్చరిస్తూ మెయిల్ పంపింది, అక్టోబరులో మాత్రం ముందస్తు అనుమతితో బయటి చిన్న పనులు చేసుకోవచ్చని చెప్పింది. స్విగ్గీ అయితే అంతకుముందే, 2022 ఆగస్టులో, షరతులతో పక్కపనులకి పచ్చజెండా ఊపింది. దేశం మొత్తానికి ఒకటే నీతి లేదనీ, ఎవరి ఆఫర్ లెటర్ వాళ్లు చదువుకోవాల్సిందేననీ దీన్నిబట్టి తెలుస్తోంది. ప్రభుత్వోద్యోగులకి మాత్రం తేడా లేదు, ప్రవర్తనా నియమావళి ప్రకారం ముందుగా అనుమతి తీసుకోవాల్సిందే. అనుమతి ఉంటే ఆ ముక్కని రెజ్యూమేలోనే చేర్చుకోవచ్చు: ‘సంస్థ అనుమతితో, శని, ఆదివారాలు’. నాలుగు మాటలు, ఇంటర్వ్యూలో పది నిమిషాలు ఆదా.

అనుమతి లేకుండా చేసినవాళ్లు ఏం చేయాలి? కొందరు పక్కపని తేదీల్ని జరుపుతారు, పాత ఉద్యోగం ముగిసిన నెల నుంచి మొదలైనట్టు రాస్తారు. ఇది అన్నిటికన్నా చెడ్డ దారి. శిక్షణ కేంద్రం ఇచ్చే పత్రంలో అసలు తేదీ ఉంటుంది, బ్యాంకు ఖాతాలో మొదటి ఫీజు పడిన తేదీ ఉంటుంది. రెజ్యూమేలో చేసిన ప్రతి పనీ రాసి తీరాలన్న నిబంధన ఏదీ లేదు. అడుగుతున్న ఉద్యోగానికి సంబంధం లేని పక్కపనిని వదిలేయొచ్చు, అది అబద్ధం కాదు. కానీ రెజ్యూమే వేరు, కంపెనీ ఇచ్చి నింపమనే దరఖాస్తు ఫారం వేరు. ‘గతంలో, ప్రస్తుతం చేసిన అన్ని ఉద్యోగాలూ రాయండి’ అని అడిగి కింద సంతకం పెట్టించుకునే ఫారంలో వదిలేయడం అంటే తప్పుడు సమాచారం ఇచ్చినట్టే. ఉద్యోగంలో చేరి ఏడాదైనా దాని మీద చర్య తీసుకోవచ్చు.

అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకి ఇది అనుమతి లేఖతో తీరే వ్యవహారం కాదు. హెచ్-1బి వీసా మీద ఉన్నవాళ్లు ఏ సంస్థ తరఫున వీసా ఉందో ఆ సంస్థకే పనిచేయాలి. రెండో చోట పార్ట్‌టైమ్‌గా చేయాలన్నా ఆ రెండో సంస్థ వేరే పిటిషన్ వేయాలి, దాన్నే కాంకరెంట్ హెచ్-1బి అంటారు. అది లేకుండా శనివారాలు ఏదో కోచింగ్ సెంటర్లో పాఠాలు చెప్పి డబ్బు తీసుకుని, దాన్ని లింక్డ్‌ఇన్‌లో అందంగా పెట్టుకున్నారంటే, తమ మీద తామే సాక్ష్యం రాసిపెట్టుకున్నట్టు. అక్కడ లాయర్ని అడిగాకే రెజ్యూమే ముట్టుకోవాలి.

లింక్డ్‌ఇన్ ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక చిన్న సంగతి. అక్కడ ప్రతి ఉద్యోగానికీ Employment type అని ఒక గడి ఉంటుంది, అందులో Part-time, Freelance వంటివి ఎంచుకోవచ్చు. చాలామంది దాన్ని ఖాళీగా వదిలేస్తారు. ఇప్పటికీ నడుస్తున్న ఉద్యోగాలు రెండుంటే వాటి వరుసని మార్చుకునే వీలుంది, అసలు ఉద్యోగాన్ని పైకి లాగి పెట్టుకోవాలి. ముగిసిపోయినవి మాత్రం తేదీల ప్రకారమే వస్తాయి, అక్కడ మన ఇష్టం చెల్లదు. అందుకే గడి నింపడం ఇంకా అవసరం.

కంపెనీల సొంత వెబ్‌సైట్లలో నింపే దరఖాస్తుల్లో ఈ పాటి సౌకర్యం కూడా కొన్నిచోట్ల ఉండదు. శీర్షికలు విడగొట్టడానికి లేదు, పార్ట్‌టైమ్ అని టిక్కు పెట్టడానికి లేదు. హోదా, సంస్థ, చేరిన తేదీ, మానిన తేదీ, అంతే. అలాంటప్పుడు హోదా గడిలోనే ఆ ముక్క ఇరికించాలి: ‘పార్ట్‌టైమ్ ఫ్యాకల్టీ, వారానికి 6 గంటలు’. మొత్తం అనుభవం అడిగే గడిలో తొమ్మిది కాదు, ఆరు వేయాలి.